ఆఫర్ లెటర్‌ను ఇంట్లోవాళ్ల కోసం తెలుగు చేయడం ఎలా?

ప్రశ్న: "హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది, సీటీసీ 6 లక్షలు. లెటర్ 11 పేజీలు, అంతా ఇంగ్లిష్. మా నాన్న ఖమ్మం దగ్గర ఊళ్లో ఉంటారు, తెలుగు బాగా చదువుతారు, ఇంగ్లిష్ రాదు. జీతం, నోటీస్ పీరియడ్, ఇన్సూరెన్స్ అవన్నీ తానే చదివి చూశాకే సరే అంటానన్నారు. ఇప్పుడున్న ఉద్యోగం మానేసి వెళ్లాలి కాబట్టి ఆయనకు టెన్షన్. మొత్తం లెటర్ తెలుగులోకి మార్చాలా? ఎలా మార్చాలి?"

మొత్తం మార్చొద్దు. 11 పేజీలూ తెలుగు చేసిస్తే మీ నాన్నగారు రెండో పేజీలోనే ఆగిపోతారు, ఎందుకంటే అందులో సగానికి పైగా కంపెనీ రహస్యాలు, కోర్టు పరిధి, నైతిక నియమావళి లాంటివి ఉంటాయి. ఒకటిన్నర పేజీ తెలుగు కాగితం చేయండి. అందులో చేతికొచ్చే జీతం లెక్క, మానేయాలంటే ఏం జరుగుతుంది, ఇన్సూరెన్స్ ఎవరికి, ఏ పరిస్థితిలో డబ్బు వెనక్కి కట్టాలి, ఈ నాలుగే ఉండాలి. వీటికి సంబంధించిన వాక్యాలను మాత్రం ఒక్క ముక్క వదలకుండా పూర్తిగా తెలుగు చేయండి, పక్కన లెటర్‌లో అది ఏ పేజీలో ఉందో రాయండి. పైన ఒక లైను పెట్టండి: "ఇది చదువుకోవడానికి మాత్రమే, సంతకం చేసేది ఇంగ్లిష్ లెటర్ మీద."

నేను పదేళ్లకు పైగా కంపెనీల్లో జీతాల లెక్కలు చూశాను. ఇప్పుడు అనువాదాలు చేస్తున్నాను, ఇలాంటి లెటర్లు చుట్టాలవి, పక్కింటివాళ్లవి, డబ్బులిచ్చి చేయించుకున్నవాళ్లవి చాలానే తెలుగు చేశాను. మొదట్లో నేను చేసిన తప్పు ఏంటంటే, ప్రతి మాటకూ తెలుగు మాట వెతకడం. గ్రాట్యుటీకి "పారితోషికం" అని రాశా ఒకసారి. ఆ అబ్బాయి తండ్రి దాన్ని ఏటా దసరాకి ఇచ్చే బోనస్ అనుకుని, ఆ డబ్బుతో చెల్లెలి ఫీజు కట్టొచ్చని లెక్క కూడా వేసేసుకున్నారు. అసలు విషయం ఏంటంటే పర్మనెంట్ ఉద్యోగికి మామూలుగా అయిదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ. అప్పటి నుంచి నా పద్ధతి ఇది: పే స్లిప్‌లో ఏ పేరు కనపడుతుందో అదే పేరు తెలుగు లిపిలో ఉంచుతా, బేసిక్, హెచ్‌ఆర్‌ఏ, పీఎఫ్, గ్రాట్యుటీ అని. పక్కన ఒక్క వాక్యంలో అదేంటో చెప్తా. రేపు ఫోన్‌లో కొడుకు "పీఎఫ్ కట్ అయింది నాన్నా" అంటే ఆయనకి అందాలి కదా, "భవిష్య నిధి" అని నేర్పి ఏం లాభం.

ఇక జీతం. మీరు సీటీసీ చెప్పారు గానీ విడగొట్టిన పట్టిక పెట్టలేదు. అది లెటర్ చివర అనుబంధంలో ఉంటుంది, ముందు పేజీల్లో ఉండేది ఒక్క పెద్ద అంకె మాత్రమే. పోయినేడు నేను ఇంకో అబ్బాయికి తెలుగు చేసిన లెటర్ కూడా సరిగ్గా ఆరు లక్షలదే, దాని లెక్కే చెప్తా, మీ పట్టిక పక్కన పెట్టుకుని చూసుకోండి.

ఇంట్లోవాళ్లు ఏం చేస్తారంటే ఆరు లక్షలను పన్నెండుతో భాగిస్తారు. నెలకి 50,000. ఆ అంకె ఒకసారి మనసులో పడిందంటే ఇంక మొదటి జీతం పడిన రోజు గొడవే. ఆ లెటర్‌లో ఉన్నది ఇది: బేసిక్ నెలకి 25,000, హెచ్‌ఆర్‌ఏ 10,000, స్పెషల్ అలవెన్స్ 5,000. అంటే నెల నెలా జీతం 40,000, గ్రాస్ అనేది దీన్నే. ఏడాదికి 4,80,000. మిగతా లక్షా ఇరవై వేలు ఎక్కడ? వేరియబుల్ పే 60,000, కంపెనీ తన వాటాగా పీఎఫ్‌లో కట్టేది 36,000, గ్రాట్యుటీ 14,430, ఇన్సూరెన్స్ ప్రీమియం 9,570. ఇవన్నీ కంపెనీకి మీ మీద అయ్యే ఖర్చే, సీటీసీ అంటే అర్థం కూడా అదే, కానీ ఏ నెలా జీతంతో పాటు చేతికి రావు.

పైగా ఆ 40,000 కూడా పూర్తిగా రాదు. ఉద్యోగి వాటా పీఎఫ్ బేసిక్‌లో 12 శాతం, అంటే 3,000 పోతుంది. తెలంగాణలో ఆ జీతానికి ప్రొఫెషనల్ టాక్స్ నెలకి 200. కొత్త పన్ను విధానంలో ఈ జీతానికి ఆదాయపన్ను పడదు. చేతికి వచ్చేది 36,800. యాభై వేలకీ దీనికీ తేడా 13,200. ఈ తేడాను నేను తెలుగు కాగితంలో "కోతలు" అని రాయను. కోత అంటే పోయిన డబ్బు అనుకుంటారు. మూడు ముక్కలుగా రాస్తా:

- మీ పేరు మీదే జమ అయ్యేది: రెండు వాటాల పీఎఫ్ కలిపి నెలకి 6,000 (కంపెనీ వాటాలో కొంత పెన్షన్ ఖాతాకి వెళ్తుంది).
- వస్తే వచ్చేది: వేరియబుల్ నెలకి 5,000 చొప్పున, గ్రాట్యుటీ సుమారు 1,200.
- ఖర్చయిపోయేది: ఇన్సూరెన్స్ దాదాపు 800, ప్రొఫెషనల్ టాక్స్ 200.

ఇలా రాసి చూపించాక ఆ అబ్బాయి తండ్రి అడిగిన మొదటి మాట "అయితే ఇంటికి పంపేది ఎంత అనుకోవచ్చు" అని. ఆయనకి లెక్క అర్థమైందని నాకు అప్పుడు తెలిసింది.

గ్రాట్యుటీ ఆ అంకె ఎలా వచ్చిందని కూడా అడిగారు. ఆఖరి నెల బేసిక్‌ను 26తో భాగించి 15తో గుణిస్తే ఒక ఏడాది సర్వీసుకి వచ్చే గ్రాట్యుటీ. 25,000కి అది 14,400 పైచిలుకు, బేసిక్‌లో 4.81 శాతం అని పట్టికలో కనిపించేది అదే. నాలుగేళ్లకే మానేస్తే మాత్రం మామూలుగా ఆ నాలుగేళ్ల డబ్బూ రాదు. కాలపరిమితి ఒప్పందం మీద చేరిన ఉద్యోగాలకి నియమం వేరు, మీది అలాంటిదేమో మొదటి పేజీలో చూసుకోండి.

వేరియబుల్ దగ్గర ఒక్క మాట మీద ఆగాలి. లెటర్‌లో "అప్ టు 60,000" అని ఉంటుంది. దీన్ని "60,000 వరకు" అని తెలుగు చేస్తే తప్పు కాదు, కానీ మన చెవికి "అరవై వేల దాకా" అంటే అరవైకి దగ్గర్లో ఏదో ఒకటి వస్తుందనే వినపడుతుంది. నేను ఇలా రాస్తా: "సున్నా నుంచి 60,000 మధ్య ఎంతైనా. ఎంత అనేది కంపెనీ నిర్ణయిస్తుంది." చదవడానికి కటువుగా ఉంటుంది, లెటర్ చెప్పేది అదే మరి. ఇంకోటి, "సబ్జెక్ట్ టు" అని మొదలయ్యే షరతులు. నిఘంటువు చూసి "లోబడి" అని పెడతారు అందరూ. "కంపెనీ పనితీరుకు లోబడి చెల్లించబడును" అంటే ఇంట్లో ఎవరికీ ఏమీ అందదు. తెలుగులో షరతు ముందు రావాలి, దానికి "నే" తగలాలి. "డబ్బు వేసే రోజున మీరు ఉద్యోగంలో ఉంటేనే, రాజీనామా ఇచ్చి ఉండకపోతేనే ఇది వస్తుంది." ఆ "నే" పడిపోయి "ఉంటే వస్తుంది" అని రాశారంటే బిగువంతా పోతుంది, అదేదో మామూలు సమాచారంలా చదివి పక్కన పెట్టేస్తారు.

ఈ రాజీనామా షరతు ఎక్కువ లెటర్లలో ఉంటుంది, అందరూ మర్చిపోయేదీ ఇదే. దీనికీ నోటీస్ పీరియడ్‌కీ ముడి ఉంది. వేరియబుల్ ఏప్రిల్‌లో వేస్తారు, మీరు ఫిబ్రవరిలో రాజీనామా ఇచ్చారు, నోటీస్ 90 రోజులు. ఏప్రిల్లో మీరు ఆఫీసులో కూర్చుని పని చేస్తూనే ఉంటారు, కానీ నోటీస్‌లో ఉన్నారు కాబట్టి ఆ డబ్బు రాదు. తెలుగు కాగితంలో ఈ రెంటినీ దూరం దూరంగా రాయకండి, ఒకదాని కిందే ఇంకోటి రాయండి.

నోటీస్ పీరియడ్ మాటకే ఒక చిక్కు ఉంది. మన ఇళ్లల్లో నోటీసు అంటే బ్యాంకు వాళ్లు పంపేది, లాయరు పంపేది. "నోటీసు కాలం 90 రోజులు" అని రాసిస్తే ఒక పెద్దాయన కంగారుగా "ఎవరు పంపుతారమ్మా, దేనికి?" అని కూతుర్ని అడిగారు. అందుకని ఒకసారి విడమర్చి రాయండి: "మానేస్తానని రాసిచ్చిన రోజు నుంచి ఇంకా 90 రోజులు అక్కడే పని చేయాలి." ఆ తర్వాత కావాలంటే నోటీస్ అని వాడుకోండి.

ఇక అసలు వాక్యాలు. నేను చెప్పిన లెటర్‌లో ఈ భాగం దాదాపు అర పేజీ ఉంది, తెలుగు చేస్తే ఇలా వచ్చింది:

"ప్రొబేషన్ ఆరు నెలలు. ఆ ఆరు నెలల్లో మీరు మానాలన్నా, కంపెనీ తీసేయాలన్నా 30 రోజుల ముందు చెప్పాలి. ప్రొబేషన్ అయ్యాక మీరు మానాలంటే 90 రోజుల ముందు చెప్పి, ఆ రోజులన్నీ పని చేయాలి. కంపెనీ మిమ్మల్ని తీసేయాలంటే 30 రోజుల ముందు చెప్తుంది, లేదా ఆ 30 రోజుల బేసిక్ ఇచ్చి వెంటనే పంపేయవచ్చు. మీరు 90 రోజులు ఉండకుండా డబ్బు కట్టి వెళ్తానంటే, ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం పూర్తిగా కంపెనీ ఇష్టం. ఒప్పుకుంటే మిగిలిన రోజులకి గ్రాస్ జీతం కట్టాలి."

ఇంగ్లిష్‌లో చదివినప్పుడు ఆ అబ్బాయికి ఇందులో ఏమీ తేడాగా అనిపించలేదు, "అన్ని కంపెనీల్లో ఇలాగే ఉంటుంది సార్" అన్నాడు. తెలుగులో చదివాక వాళ్ల నాన్న వెంటనే పట్టుకున్నారు: "వాళ్లు పంపాలంటే ముప్ఫై, మనం రావాలంటే తొంభైయా?" అవును. ఇంకా ఉంది, వాళ్లిచ్చేది బేసిక్, మనం కట్టాల్సింది గ్రాస్. లెక్క వేస్తే కంపెనీ 25,000 ఇచ్చి పంపేయొచ్చు, అబ్బాయి ఒక్క రోజు కూడా ఉండకుండా వెళ్లాలంటే 40,000 చొప్పున మూడు నెలలకి 1,20,000 కట్టాలి. అదే బేసిక్ మీద అయితే 75,000తో పోయేది. ఆ ఒక్క మాట విలువ 45,000. గ్రాస్, బేసిక్ అనే మాటల్ని "జీతం" అని కలిపేసి రాయకండి, ఎక్కడ ఏముంటే అదే ఉంచండి.

పై తెలుగులో నేను ఒక చోట "ఒప్పుకోవచ్చు" అని రాయకుండా "ఒప్పుకోవడం ఒప్పుకోకపోవడం కంపెనీ ఇష్టం" అని రాశాను, చూశారా. ఇంగ్లిష్‌లో అక్కడ ఉన్నది "మే" అనే మాట. దానికి మన "వచ్చు" సరిపోతుంది అనుకుంటాం, కానీ "కంపెనీ ఒప్పుకోవచ్చు" అంటే తెలుగులో "ఒప్పుకుంటుందిలే, అవకాశం ఉంది" అనే ఆశ కూడా వినపడుతుంది. లెటర్‌లో అలాంటి ఆశ లేదు. "షల్" అని ఉన్నచోట తడబాటు లేదు, "చేయాలి", "కట్టాలి" అని రాసేయడమే. "చేయవలసి ఉంటుంది" అని మెత్తబరిచేవాళ్లున్నారు, మర్యాదగా ఉంటుందని. ఒప్పందంలో మర్యాద ఏంటండీ.

ప్రొబేషన్ మాట దగ్గర దీనికి తిరగబడిన ఇబ్బంది. ఆ మాట ఊళ్లో అందరికీ తెలుసు, టీచర్లు, కానిస్టేబుళ్ల పుణ్యమా అని. ప్రొబేషన్ అయిపోతే ఇంక ఉద్యోగానికి ఢోకా లేదని వాళ్లకి తెలిసిన సంగతి. అందుకని కన్ఫర్మేషన్ అని ఉన్నచోట "పర్మనెంట్ అవుతారు" అని మాత్రం వదిలేయకండి, మీ నాన్నగారు అక్కడితో నిశ్చింతగా ఉండిపోతారు. ఇక్కడ ప్రొబేషన్ పూర్తయితే మారేది ముఖ్యంగా నోటీస్ రోజులే, అదీ మన వైపు పెరగడం. ఆరు నెలలయినా కన్ఫర్మేషన్ తనంతట తానే రాదు, రాసిచ్చేదాకా ప్రొబేషన్ సాగినట్టే అనే వాక్యం కూడా కొన్ని లెటర్లలో ఉంటుంది, వెతకండి.

వెనక్కి కట్టాల్సిన డబ్బు గురించి తక్కువలో చెప్తా. జాయినింగ్ బోనస్, ఊరు మారే ఖర్చు, ట్రైనింగ్ ఖర్చు, ఈ మూడింటి దగ్గర "రికవరబుల్" అన్న మాట ఉందేమో చూడండి. ఉంటే "ఫలానా నెలల్లోపు మానేస్తే ఇంత తిరిగి కట్టాలి" అని అంకెతో రాయండి. పన్ను కోసుకుని చేతికిచ్చిన బోనస్‌ను కూడా కోయకముందు మొత్తం మీదే వెనక్కి అడిగే లెటర్లు నేను చూశాను, కాబట్టి అక్కడ గ్రాస్ అని ఉందా అన్నదీ చూడాలి. ఆ నెలల్ని మీరు రాజీనామా ఇచ్చిన తేదీ వరకు లెక్క వేస్తారా, ఆఖరి పని దినం వరకు వేస్తారా అన్నది కూడా. 90 రోజుల నోటీస్ ఉన్నప్పుడు ఈ రెంటికీ మూడు నెలలు తేడా.

ఇన్సూరెన్స్‌కి వస్తే, మీ నాన్నగారు మొదట చూసుకునేది ఇందులో తనూ మీ అమ్మగారూ ఉన్నారా అని. పైకి అడగకపోవచ్చు. లెటర్‌లో "డిపెండెంట్స్" అని ఉంటుంది. "మీపై ఆధారపడినవారు" అని తెలుగు చేస్తే అమ్మానాన్నలు ఉన్నట్టే కదా అనుకుంటారు, మన లెక్కలో ఆధారపడినవాళ్లంటే ముందు వాళ్లే. కానీ చాలా పాలసీల్లో ఆ మాటకి అర్థం భార్య లేదా భర్త, ఇద్దరు పిల్లలు, అంతే. తల్లిదండ్రుల్ని చేర్చుకోవాలంటే విడిగా ప్రీమియం, అది మీ జీతంలోంచే. నేను చెప్తున్న లెటర్‌లో సరిగ్గా అదే జరిగింది, పైగా అది లెటర్‌లో రాసి లేదు, "కంపెనీ పాలసీ ప్రకారం" అని మాత్రం ఉంది. ఫ్లోటర్ అన్న మాట కనపడితే దానికీ తెలుగు వెతక్కండి, "3 లక్షలు అందరికీ కలిపి, తలా 3 లక్షలు కాదు" అని రాయండి.

ఆ "కంపెనీ పాలసీ ప్రకారం, పాలసీ ఎప్పటికప్పుడు మారవచ్చు" అనేది మీ లెటర్‌లో కూడా నాలుగైదు చోట్ల కచ్చితంగా తగులుతుంది. అక్కడ మీకు తెలిసింది, సీనియర్ చెప్పింది కలిపి పూరించొద్దు. తెలుగు కాగితంలో "ఇది లెటర్‌లో లేదు, అడగాలి" అని రాసి వదిలేయండి. అలా వదిలేసిన లైన్లే హెచ్‌ఆర్‌కి పంపే మెయిల్ అవుతాయి. ఫోన్‌లో అడిగితే "అదేం ప్రాబ్లం కాదు, మేం చూసుకుంటాం" అంటారు, ఆ మాట కాగితం మీదకి రాదు. మెయిల్ పెట్టండి, జవాబు కూడా మెయిల్‌లోనే రావాలి. ఆ అబ్బాయి మూడు అడిగాడు: అమ్మానాన్నల ప్రీమియం ఎంత, పోయినేడు వేరియబుల్ ఎంత శాతం ఇచ్చారు, నోటీస్ 60 రోజులు చేస్తారా. మొదటిదానికి అంకె ఇచ్చారు, రెండోదానికి తప్పించుకున్నారు, మూడోదానికి కుదరదన్నారు. రెండోదానికి జవాబు రాలేదన్న సంగతి కూడా తెలుగు కాగితంలో రాశాం. అది చూసి వాళ్ల నాన్న "అయితే ఆ అరవై వేలు లేవనుకునే లెక్క వేసుకుందాం" అన్నారు, అప్పటికి చేస్తున్న ఉద్యోగంలో చేతికొచ్చేది 29,000, ఇక్కడ 36,800, అలా పోల్చుకుని సరే అన్నారు. మీరు కూడా పాత జీతాన్ని చేతికొచ్చే అంకెతోనే పోల్చండి, సీటీసీకి సీటీసీ పోల్చి చూపిస్తే పెద్దగా కనపడుతుంది గానీ ఇంట్లో వాడుకునే డబ్బు అది కాదు.

ఇంకో చిన్న జాగ్రత్త. జీతం వివరాలు బయటికి చెప్పకూడదని చాలా లెటర్లలో ఉంటుంది. నాన్నగారికి చూపించడానికి ఏ ఇబ్బందీ ఉండదు, కానీ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఫొటోలు పెట్టకండి, అక్కడి నుంచి బాబాయి గారి ఆఫీసు గ్రూపుకి పోవడానికి అయిదు నిమిషాలు చాలు. తెలుగు కాగితం ప్రింట్ తీసి ఇవ్వండి, అంకెలు కాస్త పెద్ద అక్షరాల్లో. ఎదురుగా కూర్చుని చదివి వినిపించొద్దు, చదువుకోనివ్వండి, పెన్ను కూడా ఇవ్వండి. ఆయన గీత గీసిన చోటల్లా మీ తెలుగు సరిగా రాలేదేమో, లేక లెటర్‌లోనే ఏదో ఉందేమో అన్నది అప్పుడు చూసుకోవచ్చు.

ఆఫర్ ఒప్పుకోవడానికి గడువు ఎన్ని రోజులో మీరు చెప్పలేదు. సాధారణంగా తక్కువే ఇస్తారు. టైం లేకపోతే ముందు జీతం పట్టిక, నోటీస్ భాగం ఈ రెండే తెలుగు చేసి ఇచ్చేయండి, ఇన్సూరెన్స్ రేపు చేయొచ్చు. సంతకం పెట్టేదాకా ఇప్పుడున్న చోట రాజీనామా మాత్రం ఇవ్వకండి. మీ నోటీస్ వాక్యాలు తెలుగులో కుదరకపోతే పేర్లు, కంపెనీ పేరు కొట్టేసి ఆ నాలుగు లైన్లు ఇక్కడ పెట్టండి, రాత్రికి చూసి చెప్తా.